పస్కా కోసం పదమూడో నెల

2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది. యూదుల పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం గానీ మొదలుకాలేదు. ఏసు శిలువ మరణం పస్కా రోజుల్లోనే జరిగిందని సువార్తలు చెబుతాయి కనుక ఈ రెండు పండుగలూ మామూలుగా దగ్గర దగ్గరగానే వస్తాయి. ఆ ఏడు మాత్రం మూడు వారాలు ఎడమయ్యాయి. యూదుల పంచాంగం ఆ సంవత్సరంలో ఒక నెలను అదనంగా కలుపుకోవడమే అందుకు కారణం.

చంద్రుణ్ణి బట్టి లెక్కించే పన్నెండు నెలలకు 354 రోజులే. ఎండను, వానను, పంటను నడిపించే సౌర సంవత్సరం 365 రోజులకు కాస్త ఎక్కువ. అంటే ఏటా పదకొండు రోజుల లోటు. ఇస్లామీయ పంచాంగం ఆ లోటును పూడ్చదు కాబట్టే రంజాన్ అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. యూదులకు ఆ వీలు లేదు. పస్కాను వసంత మాసంలోనే చేయమని వారి ధర్మశాస్త్రం ఆజ్ఞ. పైగా పండుగ రెండో రోజున కొత్త యవల పనను ఆలయంలో అర్పించాలి. కంకి పండకపోతే అర్పణ ఎక్కడిది?

అందుకే పూర్వం ఏ సూత్రమూ లేకుండా, చేను చూసి నిర్ణయించేవారు. యవలు ఏ మాత్రం పండాయి, చెట్లు కాపుకు వచ్చాయా, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఎప్పుడు అని పెద్దల సభ విచారించేది. గమలీయేలు అనే పెద్ద దూరదేశాల్లోని యూదులకు రాయించిన జాబు సంగతి తల్ముదులో ఉంది. గొర్రెపిల్లలు ఇంకా లేతగా ఉన్నాయి, పావురాల పిల్లలు ఎదగలేదు, పంట చేతికి రాలేదు, కనుక ఈ ఏటికి ముప్పై రోజులు కలుపుతున్నాం అని దాని సారాంశం. రైతు, కాపరి చూసే లెక్కే పండుగ లెక్క కూడా అయిన రోజులవి.

అయితే ఆ పద్ధతికి ఒక కేంద్రం కావాలి, కబురు సకాలంలో అందాలి. యూదులు దేశదేశాలకు చెదిరిపోయాక ఆ రెండూ కష్టమయ్యాయి. నాలుగో శతాబ్దంలో రెండో హిల్లేలు స్థిరమైన లెక్కను ప్రకటించాడని సంప్రదాయం చెబుతుంది. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు, అంటే 3, 6, 8, 11, 14, 17, 19 ఏళ్లలో, అధికమాసం వస్తుంది. మన పంచాంగంలోనూ ఇంచుమించు ఇదే నిష్పత్తి. కాకపోతే మనకు సంక్రాంతి పడని నెల ఏదైతే అదే అధికం: 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం. వాళ్లకు ఎప్పుడూ అదారు నెలే, ఎందుకంటే పస్కా వచ్చే నీసానుకు ముందున్నది అదే. మనం పండుగలను నిజమాసంలో చేసినట్టే, వాళ్లూ పూరీమును రెండో అదారులో చేస్తారు. ఎస్తేరు కథలోని విడుదలకూ, ఐగుప్తు నుంచి విడుదలకూ ఎడం పెరగకూడదని తల్ముదు చెప్పే కారణం.

ఇప్పుడు తేదీలు చూడండి. 2023లో పస్కా ఏప్రిల్ 5 సాయంత్రం మొదలైంది. ఆ తర్వాతి పంచాంగ సంవత్సరం 5784, చక్రంలో ఎనిమిదోది. అధికమాసం లేకుంటే 2024 పస్కా మార్చి 24 ప్రాంతంలో వచ్చేది. మొదటి అదారు ముప్పై రోజులూ అడ్డుపడి దాన్ని ఏప్రిల్ చివరికి నెట్టాయి. మార్చి 24న పూరీము జరిగింది. నూతన సంవత్సరం సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు 2 సాయంత్రానికి, హనుకా తొలి దీపం డిసెంబరు 7 నుంచి 25కు జరిగాయి. మరుసటి ఏడు పస్కా మళ్లీ ఏప్రిల్ 12కు వచ్చింది.

ఇందులో ఒక చిక్కుంది. 2024లో పగలూ రాత్రీ సమానమైంది మార్చి 20న. అంటే మార్చి 24 పస్కా కూడా వసంతంలోనే ఉండేది, అధికమాసం మరుసటి ఏడు వేసినా సరిపోయేది. నాలుగో శతాబ్దంలో ఎనిమిదో ఏట అలా కుదిరేది కాదు, పండుగ ఆ రోజుకు ముందే పడేది. ఈ పందొమ్మిదేళ్ల లెక్క సూర్యుడి కంటే కొద్దిగా పెద్దది, సుమారు 216 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. హిల్లేలు కాలం నుంచి అది వారం రోజులు దాటింది. అందుకే 8, 11, 19 ఏళ్లలో పస్కా వసంతపు రెండో పున్నమికి వెళుతోంది, ఈస్టర్ మొదటి పున్నమి దగ్గరే ఉండిపోతోంది.

దిద్దుకోవచ్చు కదా అని అడిగేవారున్నారు. నా మాట వద్దనే. గణితం తెలియక కాదు, దిద్దే అధికారం ఉన్న సభ ఇప్పుడు లేదు. ఒక దేశంలోని వారు దిద్ది, మరో దేశంలోని వారు ఒప్పుకోకపోతే ఒకే వీధిలో రెండు పస్కాలు వస్తాయి. పులిసిన రొట్టె ఇంట్లో ఉండకూడని వారం ఒకరికి ఇప్పుడు, పొరుగువారికి నెల తర్వాత. అది జరగకూడదనే చేను చూడటం మాని లెక్కకు కట్టుబడ్డారు. ఆ కట్టుబాటు ముందు వారం రోజుల తేడా నాకు పెద్దదిగా కనిపించదు.