అనువదించినా అరువు వాక్యమే

2002 జనవరిలో అమెరికన్ చరిత్రకారిణి డోరిస్ కెర్న్స్ గుడ్విన్‌కు పాత పుస్తకం ఒకటి తలనొప్పి తెచ్చిపెట్టింది. 1987లో వచ్చిన ‘ది ఫిట్జెరాల్డ్స్ అండ్ ది కెనడీస్’లో లిన్ మెక్‌టాగర్ట్ అనే రచయిత్రి వాక్యాలు కొన్ని కొటేషన్ గుర్తులు లేకుండా చేరిపోయాయని బయటపడింది. మెక్‌టాగర్ట్ పుస్తకం పేరును గుడ్విన్ దాచలేదు. ఫుట్‌నోట్లలో అది ఉంది. లేనివి కొటేషన్ గుర్తులే. టైమ్ పత్రికలో ఆమె ఇచ్చుకున్న వివరణ ఇది: వందలాది పుస్తకాలు చదువుతూ చేత్తో నోట్సు రాసుకుంది, చివరికి రాయడానికి కూర్చున్నప్పుడు ఆ కాగితాల మీది మాటలు తనవే అనుకుంది. ఆ ఏడాదే ఆమె పులిట్జర్ బోర్డు నుంచి తప్పుకుంది.

2013లో చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్‌కు కూడా ఇదే ఎదురైంది. ‘సీడ్స్ ఆఫ్ హోప్’ పుస్తకంలో వెబ్‌సైట్ల నుంచి తీసిన భాగాలు మూలం చెప్పకుండా ఉన్నాయని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక చూపించింది. పుస్తకం ఆగిపోయి, సవరణలతో మరుసటి ఏడాది వచ్చింది. నోట్సు రాసుకోవడంలో తనకు పద్ధతి లేకపోవడమే కారణమని గుడాల్ చెప్పింది.

ఈ సంజాయిషీలు నమ్మాలా వద్దా అన్నది వేరే తగవు. నమ్మినా నమ్మకపోయినా తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం వాటిలో స్పష్టంగా ఉంది. అది అసలు రచన రాసేటప్పుడు జరగలేదు. అంతకు ముందే, మూలం పక్కన పెట్టుకుని కాగితం మీద గీకుతున్నప్పుడే జరిగిపోయింది.

ఎమిరేట్స్‌లో తెలుగులో రాసేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కువ. ఇక్కడి చరిత్ర గురించి ఏం రాయాలన్నా మూలాలు ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటాయి. రాసేది తెలుగులో. ఇంగ్లీషు వాక్యం ఇంగ్లీషులోనే నోట్సులో పడి ఉంటే, అది ఎవరిదో ఆర్నెల్ల తర్వాత కూడా కొంత గుర్తుపట్టవచ్చు. తెలుగులోకి మార్చి రాసుకుంటే పరాయి ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి. లిపి తనది, దస్తూరీ తనది, మాటలు కూడా తనవే అనిపిస్తాయి. పైగా మార్చడానికి కష్టపడ్డాం కనుక సొంతమైపోయిందన్న భ్రమ ఒకటి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. షార్జాలో అకౌంటెంట్‌గా పనిచేసే ఒకాయన తెలుగు సంఘం ప్రత్యేక సంచిక కోసం గల్ఫ్ రూపాయి గురించి వ్యాసం రాస్తున్నాడు. మంచి విషయం. 1959లో భారత రిజర్వు బ్యాంకు ఈ తీరం కోసమే వేరే రంగుల్లో నోట్లు అచ్చువేసింది. వాటి వరస సంఖ్యలు Z అక్షరంతో మొదలయ్యేవి. 1966 జూన్ 6న భారత ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి చేరింది, అంటే రూపాయి విలువ 36.5 శాతం పడిపోయింది. రూపాయితో ముడిపడి ఉన్న గల్ఫ్ రూపాయి కూడా దానితోపాటే పడింది. అబుదాబి బహ్రెయిన్ దీనారుకు మారింది. దుబాయ్ కొన్నాళ్లు సౌదీ రియాల్‌తో సర్దుకుని, తర్వాత ఖతార్‌తో కలిసి సొంత రియాల్ తెచ్చుకుంది. దిర్హమ్ వచ్చింది 1973లో.

ఆయన చదువుతున్న ఇంగ్లీషు పుస్తకం 112వ పుటలో ఒక వాక్యం ఉందనుకోండి. దాన్ని ఆయన తన నోట్సులో ఇలా రాసుకున్నాడు: “1966 జూన్ 6, విలువ తగ్గింపు. దుబాయ్ వర్తకుల గల్లాపెట్టెల్లో డబ్బు రాత్రికి రాత్రే మంచుగడ్డలా కరిగిపోయింది. పు. 112.”

చూడటానికి నిక్షేపంలాంటి నోటు. తేదీ ఉంది, పుట సంఖ్య ఉంది. కానీ ఆ మంచుగడ్డ ఎవరిది? తేదీ ఎవరి సొత్తూ కాదు, పోలిక మాత్రం ఆ రచయితది. రెండూ ఒకే వరసలో పడ్డాయి, చివరనున్న పుట సంఖ్య రెండింటికీ కలిపి ఒకటే. ఆర్నెల్ల తర్వాత మంచుగడ్డ వ్యాసంలోకి వెళ్తుంది, కింద 112వ పుట అని ఫుట్‌నోటూ పడుతుంది. సమాచారం అక్కడిదని పాఠకుడు అనుకుంటాడు, వాక్యం మాత్రం ఈయనదే అనుకుని మెచ్చుకుంటాడు. గుడ్విన్ పుస్తకంలో జరిగింది అచ్చంగా ఇదే.

అదే 112వ పుటను నాలుగు గుర్తులతో విడదీసి చూద్దాం. “మూ” అంటే మూలంలో ఉన్నది ఉన్నట్టు. ముందు కొటేషన్ గుర్తు తెరిచి, ఆ తర్వాతే ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా దించాలి. చివర్లో పెడదామనుకున్న గుర్తు ఫోను మోగితే పెట్టకుండానే ఉండిపోతుంది. “అ” అంటే అనువాదం. మంచుగడ్డ వాక్యం ఇక్కడికి రావాలి, దీనికీ కొటేషన్ గుర్తులు ఉండాలి. “సం” అంటే సంగ్రహం: “నగదు నిల్వ ఉన్న వర్తకులు నష్టపోయారని ఈ రచయిత అంటున్నాడు, ఎంతమందో చెప్పలేదు.” ఈ మూడింటికీ విడివిడిగా పుట సంఖ్య వేయాలి. నాలుగోది “నా”. దీనికి పుట సంఖ్య ఉండదు, ఎందుకంటే ఇది పుస్తకంలో లేదు: “నగదు ఉన్నవాళ్లు నష్టపోతే, రూపాయల్లో అప్పున్నవాళ్లకు భారం తగ్గి ఉండాలి కదా? బాకీ పద్దులు ఎక్కడైనా దొరుకుతాయా?”

వ్యాసంలో చదవదగ్గ సంగతి ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. మొదటి రకం నోట్సులో అది పుట్టేదే కాదు. వాక్యం చక్కగా కుదిరిందన్న తృప్తితో ఆయన పుట తిప్పేసి ఉండేవాడు.

సంగ్రహం రాయడానికి పాతకాలపు పద్ధతి ఒకటి ఉంది, దాన్ని మించింది ఇంకా రాలేదు: పుస్తకం మూసి రాయడం. పుట ఎదురుగా ఉంటే కన్ను అక్కడి మాటల వరసనే పట్టుకుని పోతుంది, ఒకటి రెండు మాటలు మార్చి సొంతం చేశామనుకుంటాం. అంకెలూ పేర్లూ జ్ఞాపకంతో రాయకూడదు కనుక వాటిని ముందే వేరే వరసలో దించుకోవాలి. తర్వాత పుస్తకం మూసి, సంగతిని ఎదుటివాడికి చెప్పినట్టు రాయాలి. అప్పుడు తెరిచి పోల్చాలి. మూలంలోని విలక్షణమైన పదబంధం ఏదైనా సంగ్రహంలో దూరితే దానికి అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు తగిలించాలి. వాదనల వరస మూలంలో ఉన్నట్టే వచ్చినా, ఆ వరస ఫలానా రచయితదని ఒక ముక్క రాసుకోవాలి.

కంప్యూటర్లో రాసుకునేవాళ్లలో చాలామంది రంగుల్ని నమ్ముకుంటారు. కాపీ చేసింది ఎరుపు, సొంతం నలుపు. ముచ్చటగానే ఉంటుంది, Ctrl+Shift+V నొక్కేవరకు. అలా అతికిస్తే హంగులన్నీ పోయి వట్టి అక్షరాలే మిగులుతాయి. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు, వాట్సాప్‌లో తనకు తాను పంపుకునే సందేశానికి మారినప్పుడూ రంగు నిలవదు. అందుకే గుర్తు అక్షరాల్లోనే ఉండాలి. “మూ”, “అ” అన్నవి ఎక్కడ అతికించినా వెంట వస్తాయి. నోట్‌బుక్కు వాడేవాళ్లకు ఇంకా తేలిక: ఎడమ పుట మూలానికి, కుడి పుట తమకు.

మూల వాక్యం ఒక పుటలో మొదలై మరో పుటలో ముగిస్తే, పుట మారిన చోట ఒక గీత (/) పెట్టుకోవాలి. రేపు అందులో సగమే వాడుకుంటే ఆ సగం ఏ పుటదో తెలియాలి. మధ్యలో మాటలు వదిలేస్తే చుక్కలు, మనం చేర్చిన మాట ఏదైనా ఉంటే దాని చుట్టూ చదరపు బ్రాకెట్లు. ఇవి లేకపోతే మన మాటనే తర్వాత మూల రచయిత నోట్లో పెట్టే ప్రమాదం ఉంది. అది దొంగతనానికి తిరగేసిన రూపం, దాన్ని పట్టుకునేవాళ్లు తక్కువ.

పుస్తకాలు దాటి పాత దస్త్రాల్లోకి వెళ్తే లెక్క మారుతుంది. బ్రిటిష్ కాలపు గల్ఫ్ రికార్డులు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడవచ్చు. లండన్‌లోని ఇండియా ఆఫీసు దస్త్రాలు ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. అబుదాబిలోని జాతీయ గ్రంథాలయ, పురాభిలేఖ సంస్థ నడిపే అరేబియన్ గల్ఫ్ డిజిటల్ ఆర్కైవ్‌లో బ్రిటిష్ విదేశాంగ శాఖ దస్త్రాలు ఉన్నాయి. ఖతార్ సైటులో ప్రతి బొమ్మకూ రెండు సంఖ్యలు కనిపిస్తాయి, [5r] (9/304) లాగా. మొదటిది దస్త్రంలోని ఐదో కాగితం ముందు వైపు. రెండోది 304 బొమ్మల్లో తొమ్మిదోది అని. ఉటంకింపులో నిలిచేది మొదటి సంఖ్య, మళ్లీ వెతుక్కోవడానికి పనికొచ్చేది రెండోది. రెండూ రాసుకోవాలి. పక్కన కనిపించే టైపు పాఠం యంత్రం చదివి ఇచ్చింది, అందులో తప్పులుంటాయి. “మూ” అని గుర్తు పెట్టే వాక్యాన్ని బొమ్మతో పోల్చాకే దించుకోవాలి.

ఈ దస్త్రాల్లో ఇంకో మెలిక ఉంది. షేక్‌లూ, షార్జాలోని రెసిడెన్సీ ఏజెంటూ రాసిన అరబ్బీ ఉత్తరాలకు ఆఫీసులో చేసిన ఇంగ్లీషు అనువాదాలే చాలాచోట్ల కనిపిస్తాయి. తెలుగు రచయిత దాన్ని తెలుగు చేస్తే అది అనువాదానికి అనువాదం. “షేక్ ఇలా అన్నాడు” అని కొటేషన్ గుర్తులు పెట్టే ముందు, ఆ ఇంగ్లీషు మాటలు బ్రిటిష్ ఆఫీసు గుమాస్తావని నోట్సులో ఉండి తీరాలి.

సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అనేవాళ్లున్నారు. భారత యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం వరకు పోలికను స్వల్పంగా ఎంచి, జరిమానా లేకుండా వదిలేశాయి. యాదృచ్ఛికంగా కలిసే 14 వరస మాటల దాకా లెక్కలోకి తీసుకోవద్దన్నాయి. అవి అక్షరాల పోలికకు సంబంధించిన కొలతలు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారిన మంచుగడ్డను పట్టుకోవడం ఆ సాఫ్ట్‌వేర్‌కు కష్టం. చట్టానికి మాత్రం తేడా లేదు: కాపీరైటు ఉన్న రచనను అనువదించే హక్కు కూడా రచయితదే. ఎమిరేట్స్ 2021 కాపీరైటు చట్టం, మూలాన్నీ రచయితనూ పేర్కొంటూ సముచితమైన మేరకు ఉటంకించడానికి అనుమతిస్తుంది.

నాలుగు గుర్తుల పద్ధతి నెమ్మదైనదే, అందులో అబద్ధం లేదు. ప్రతి పుటకూ నాలుగూ రాస్తే వ్యాసం ఈ దీపావళికి కాదు, పై దీపావళికి తేలుతుంది. మాటల తీరే ముఖ్యమైన చోట మాత్రమే “మూ”, “అ” రాసుకుని, మిగతాదంతా సంగ్రహంతో సరిపెట్టుకోవచ్చు. సడలించకూడనిది ఒక్కటే: ఏ గుర్తూ లేని వాక్యం నోట్సులో కనిపిస్తే, అది తనదని రూఢి అయ్యేదాకా పరాయిదిగానే లెక్కగట్టాలి. వ్యాసం చిత్తుప్రతిలో కూడా ఈ గుర్తులు చివరిదాకా ఉండాలి, అచ్చుకు పంపే రోజే తీసేయాలి.

దుబాయ్, అబుదాబి తెలుగు సంఘాల సంచికలకు సంపాదకత్వం వహించేవారికి ఒక విన్నపం. రచనలు పంపమని కోరే ప్రకటనలో ఈసారి ఒక్క వాక్యం చేర్చండి: చారిత్రక వ్యాసాలతోపాటు, ఉటంకించిన ప్రతి భాగానికీ మూల పుట ఫొటో, ఆ పుట సంఖ్య జతచేయాలని.