వాటా అంకె ముందే చెప్పాలా?

ఇలాంటి సందేశం ఒకటి అనుకుందాం. ‘గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఎవరి టిక్కీలు ఏ చాంబర్లో ఉన్నాయో, వాటి మీద ఎంత అప్పు తీశారో ఫోన్లో చూపే యాప్ పెడుతున్నాను. వ్యాపారం నాకు తెలుసు, కోడింగ్ రాదు. నెట్ లేకపోయినా నడిచి, వచ్చాక లెక్కలు కలుపుకునే ఆండ్రాయిడ్ యాప్ కట్టగలిగిన సహవ్యవస్థాపకులు కావాలి. వాటా సంగతి మాట్లాడుకుందాం.’

మొదటి మూడు వాక్యాలకు వంక పెట్టలేం. ‘నెట్ లేకపోయినా’ అన్న ఒక్క మాటతో, ఆ పని తెలిసినవాళ్లే ఆగి చదువుతారు. పేచీ అంతా చివరి వాక్యం దగ్గరే.

మనిషిని చూడకుండా అంకె చెప్పడం తొందరపాటే. ఉద్యోగం మానేసి వచ్చేవాడికీ, సాయంత్రాలు రెండు గంటలు కూర్చునేవాడికీ ఒకే వాటా ఎలా ఇస్తాం? పైగా ముందు 45 శాతం అని తర్వాత 30కి దిగితే, పని మొదలవకముందే నమ్మకం పోతుంది.

కానీ ‘మాట్లాడుకుందాం’ అంటే జీతం లేకుండా ఐదు శాతం అనే చాలామంది ఇంజినీర్లు అర్థం చేసుకుంటారు. మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్లు అది కనుక్కోవడానికి ఫోన్ కూడా చేయరు. నాకు ఈ వాదనే బరువుగా కనిపిస్తుంది. ముందున్న పని ఏళ్ల తరబడిది కాబట్టి సమానంగానో, దాదాపు సమానంగానో పంచుకోమనే వై కాంబినేటర్ కూడా చెబుతుంది. అయితే ఇప్పటికే రెండు స్టోరేజీలు డబ్బు కట్టి వాడతామని ఒప్పుకుని ఉంటే, 60-40 అడగడం అన్యాయం కాదు.

అందుకే ఒక్క అంకె కాకుండా హద్దులూ షరతూ రాయడం మేలు: ‘పూర్తికాలం వచ్చేవాళ్లకు 30 నుంచి 45 శాతం, నాలుగేళ్లలో నెలనెలా సొంతమయ్యేలా, ఏడాది లోపు వెళ్లిపోతే ఏమీ రాకుండా.’ కంపెనీకి 10,000 షేర్లుండి, వచ్చిన సహవ్యవస్థాపకుడికి 4,000 రాశారనుకోండి. ఎనిమిదో నెలలో వెళ్తే సున్నా. పద్దెనిమిదో నెలలో వెళ్తే 1,500 ఆయనవి, మిగతా 2,500 వెనక్కి. ఈ షరతు లేకపోతే ఊళ్లో లేని మనిషి చేతిలో 40 శాతం ఉండిపోతుంది. అది చూసిన పెట్టుబడిదారు చాలాసార్లు అక్కడే ఆగిపోతాడు.

మన దగ్గర వ్యవస్థాపకుల షేర్లు సాధారణంగా మొదట్లోనే వాళ్ల పేరున రాసేస్తారు. కాబట్టి వెళ్లేటప్పుడు ఏ ధరకు, ఎవరికి తిరిగివ్వాలో ఒప్పందంలో ఉండాలి. నోటిమాట చాలదు. సందేశంలో ఇదంతా అక్కర్లేదు గానీ, ‘ఇదే షరతు నాకూ వర్తిస్తుంది’ అన్న ముక్క మాత్రం ఉండాలి. లేకపోతే కాస్త తెలిసిన ఇంజినీరు మొట్టమొదట అడిగేది దాని గురించే.