నిఫ్టీలో ఉండుట అనగా ఏమి?

“ఆ కంపెనీ నిఫ్టీలో ఉందండీ, ఇక భయమేమిటి?” నా ఈడు వారి నోట ఈ మాట తరచుగా వింటున్నాను. పదవీ విరమణ సొమ్మును ఎక్కడ దాచుకోవాలా అని ఆలోచించే వారికి ఇది అభయహస్తం వలె తోచడం సహజమే. అయితే ఈ వాక్యంలో రెండు భాగాలున్నవి. మొదటిది ఎవరైనా ఐదు నిమిషాలలో సరిచూసుకోగల వాస్తవం. రెండవది ఆ వాస్తవం నుండి ఎంత మాత్రమూ పుట్టని తీర్మానం. ఈ రెండింటినీ విడదీసి చెప్పాలన్నదే నా ప్రయత్నం.

ముందు మాట సంగతి. ఇండెక్స్ అనే పదానికి మన పత్రికల వారు ‘సూచీ’ అని వాడుతున్నారు. సంస్కృతంలో సూచి అంటే సూది. పట్టిక అనే అర్థమూ ఉన్నది. రెండు అర్థాలూ ఇక్కడ చక్కగా సరిపోతాయి. నిఫ్టీ 50 అనేది ఏభై కంపెనీల పట్టిక. ఆ ఏభై షేర్ల విలువ ఎటు కదిలిందో చూపే ముల్లు. తక్కెడ ముల్లు బరువును చూపుతుంది గాని సరుకు మంచిదో పుచ్చినదో చెప్పదు గదా!

ఈ పట్టికలో చేరడానికి కంపెనీని ఏమి అడుగుతారు? ప్రధానంగా మూడు విషయాలు. మొదటిది పరిమాణం. అయితే కంపెనీ మొత్తం విలువను లెక్కలోకి తీసుకోరు. ప్రమోటర్ల చేతిలో కదలకుండా ఉన్న షేర్లను తీసివేసి, బయట చేతులు మారగల షేర్ల విలువను మాత్రమే చూస్తారు. దీనినే ఫ్రీ ఫ్లోట్ అంటారు. రెండవది అమ్మకం కొనుగోళ్ల సౌలభ్యం. పది కోట్ల రూపాయల షేర్లను ఒక్కసారిగా కొన్నా అమ్మినా, నూటికి అర్ధ రూపాయి కంటె ఎక్కువ ధర తేడా రాకూడదు. ఆరు నెలల పరిశీలనలలో నూటికి తొంభై సార్లు ఈ నియమం నిలవాలి. మూడవది, ఆ షేరుపై ఎన్.ఎస్.ఇ.లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం ఉండాలి.

ఇంతే. లాభం వచ్చిందా అని అడగరు. అప్పులెన్ని అని అడగరు. యజమాని మాట మీద నిలబడే మనిషేనా అని అసలే అడగరు. అడగకపోవడం తప్పని నేననను; కొలబద్ద పని కొలవడమే. అడగని ప్రశ్నకు సమాధానం దొరికిందని మనం అనుకోవడమే చిక్కు.

ఒక కంపెనీ పట్టికలోకి రావడం, పోవడం ఎలా జరుగుతాయో హైదరాబాదు ఉదాహరణతోనే చూద్దాం. మందుల ముడిసరుకులు తయారుచేసే దివీస్ లేబొరేటరీస్ 2020 సెప్టెంబర్‌లో నిఫ్టీ 50లో చేరింది. 2024 సెప్టెంబర్ 30న బయటకు వచ్చింది. ఆ రోజు లోపలికి వెళ్లిన రెండు కంపెనీలలో టాటా వారి ట్రెంట్ ఒకటి. దివీస్‌లో ఏదో లోపం బయటపడిందని అప్పట్లో కొందరు నిట్టూర్చారు. లోపం ఏమీ లేదు, ఉన్నది గుణకారం.

దివీస్ షేర్లు సుమారు 26.5 కోట్లు. ఇందులో సగానికి కొంచెం ఎక్కువ, దాదాపు 52 శాతం, ప్రమోటర్లవి. ట్రెంట్ షేర్లు సుమారు 35.5 కోట్లు, ప్రమోటర్ల వాటా 37 శాతం. లెక్క సులభం కావడానికి రెండు షేర్ల ధర 4,000 రూపాయలే అనుకుందాం. దివీస్ మొత్తం విలువ 1,06,000 కోట్లు. అందులో చేతులు మారగలది 48 శాతం, అంటే సుమారు 51,000 కోట్లు. ట్రెంట్ మొత్తం విలువ 1,42,000 కోట్లు. అందులో 63 శాతం, అంటే 89,000 కోట్లకు పైమాట. ఒకే ధర అయినా ట్రెంట్ ఫ్రీ ఫ్లోట్ దివీస్ కంటె 1.7 రెట్లకు మించింది.

ఈ నిష్పత్తిని ఎందుకు తీశానంటే నియమం అక్కడే ఉన్నది. కొత్తగా వచ్చే కంపెనీ ఆరు నెలల సగటు ఫ్రీ ఫ్లోట్, పట్టికలో ఉన్న అతి చిన్న కంపెనీ దానికి కనీసం ఒకటిన్నర రెట్లుండాలి. కేవలం కాస్త పెద్దదైతే చాలదు. లేకుంటే ప్రతి ఆరు నెలలకూ చివరి వరుసలో కుర్చీలాట జరుగుతుంది. కాబట్టి దివీస్ చిన్నబోలేదు, పక్కవాడు పెరిగాడు. పరీక్ష తప్పిన పిల్లవాడికీ, తరగతిలో యాభై ఒకటవ ర్యాంకు వచ్చిన పిల్లవాడికీ తేడా తెలియని ఉపాధ్యాయుడు ఉండడు. మదుపరులకు మాత్రం ఈ తేడా తెలియడం లేదు.

ఇక రెండవ హైదరాబాదు కంపెనీ. దాని పేరు చెబితే మన వారికి ఇప్పటికీ ముఖం వాడుతుంది. సత్యం కంప్యూటర్స్ నిఫ్టీలోనూ ఉండేది, సెన్సెక్స్‌లోనూ ఉండేది. 2008లో కార్పొరేట్ పరిపాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా అందుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వెలువడింది: పుస్తకాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని. సుమారు 180 రూపాయల షేరు ఆ ఒక్క రోజులో 40 రూపాయల దగ్గరకు పడింది. ఆ తరువాతనే సూచీలు దానిని తొలగించాయి. నిఫ్టీలో తొలగింపు జనవరి 12 నుండి అమలయింది. అంటే నిఫ్టీని అనుసరించే ఫండ్లు కూలిన ధరకు అమ్ముకుని బయటపడ్డాయన్న మాట. నాటి నిబంధనలు వివరాలలో నేటి వాటి కంటె కొంత వేరు కావచ్చు, స్వభావం ఒక్కటే. పట్టిక ముందుగా హెచ్చరించదు, జరిగిన దానిని నమోదు చేస్తుంది.

అప్పుడు సత్యం ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చినది రిలయన్స్ క్యాపిటల్. తరువాతి సంవత్సరాలలో అదీ నిఫ్టీ నుండి వెళ్లిపోయింది. 2021 నవంబర్‌లో రిజర్వు బ్యాంకు దాని డైరెక్టర్ల బోర్డును రద్దు చేసింది. దివాలా ప్రక్రియ ముగిసి, 2024లో కొత్త యజమానుల ప్రణాళికకు ఆమోదం లభించేసరికి పాత వాటాదారులకు మిగిలినది సున్న. ఒకే కుర్చీలో వెంటవెంట కూర్చున్న ఇద్దరి కథ ఇది.

మరి పట్టికలో ఉండడం వలన కంపెనీకి ఏమీ ఒరగదా? ఒరుగుతుంది. సూచీ వారు కంపెనీకి ఒక్క పైసా ఇవ్వరు గాని, సూచీని అనుసరించే ఫండ్లు దాని షేర్లను కొని తీరాలి. ధర ఎక్కువా తక్కువా అని వాటికి ఆలోచన లేదు. బరువు ప్రకారం కొంటాయి. 2015 ఆగస్టు నుండి ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ కూడా కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని నిఫ్టీ, సెన్సెక్స్‌లను అనుసరించే ఇ.టి.ఎఫ్.లలో పెడుతున్నది. అంటే జీవితంలో షేరు ముఖం చూడని కార్మికుని పి.ఎఫ్. కూడా ఈ పట్టికతో ముడిపడింది. కంపెనీ పట్టికలో చేరగానే ఇట్టి కొనుగోలుదారులు దొరుకుతారు, పోగానే వారే అమ్మేస్తారు. ఈ సంగతి ముందే తెలిసిన వ్యాపారులు ప్రకటనకు, అమలు తేదీకి మధ్యనే కొనేస్తారు గనుక, చేరిన రోజున కొనే సామాన్యునికి ఆ లాభం మిగలడం అరుదు.

ఇక సరిచూసుకొనే పద్ధతి. ఎవరైనా “ఇది నిఫ్టీ కంపెనీ” అంటే మొదట అడగవలసినది “ఏ నిఫ్టీ?” అని. ఎన్.ఎస్.ఇ.లో షేరు నమోదై ఉండడం వేరు, నిఫ్టీ 50లో ఉండడం వేరు. నిఫ్టీ నెక్స్ట్ 50 ఉన్నది, నిఫ్టీ 500 ఉన్నది, చిన్న కంపెనీల నిఫ్టీలూ ఉన్నవి. అమ్మజూపే వారు ఆ చివరి అంకెను మింగివేస్తుంటారు. దివీస్ కూడా 2024లో నిఫ్టీ 50 నుండి నెక్స్ట్ 50 లోకి మారింది. ‘నిఫ్టీలో ఉంది’ అనే మాట నిన్నా నేడూ అబద్ధం కాదు, అర్థం మాత్రం మారింది.

సూచీ నిర్వాహకులే తాజా జాబితాను ఉచితంగా ఉంచుతారు. ఈ లంకెలు తెరిస్తే చిన్న దస్త్రాలు దిగుతాయి:

```
https://www.niftyindices.com/IndexConstituent/ind_nifty50list.csv
https://www.niftyindices.com/IndexConstituent/ind_niftynext50list.csv
```

దస్త్రంలో `Company Name`, `Symbol`, `ISIN Code` అనే గడులు కనిపిస్తాయి. పేరును బట్టి నిర్ధారణ చేయకండి. ఒకే ఇంటిపేరుతో అరడజను కంపెనీలుండడం మన దేశంలో సర్వసాధారణం; రిలయన్స్ ఇండస్ట్రీస్, రిలయన్స్ క్యాపిటల్ ఒకప్పుడు వేర్వేరు సోదరుల సంస్థలుగా ఉండేవి. మీ డీమాట్ ఖాతా నివేదికలోని ఐ.ఎస్.ఐ.ఎన్. సంఖ్యను జాబితాలోని దానితో అక్షరం అక్షరం పోల్చండి. షేరు ముఖవిలువను విభజించినప్పుడు ఆ సంఖ్య మారుతుందని గుర్తుంటే చాలు. లెక్కిస్తే ఎప్పుడైనా 51 పేర్లు వచ్చినా కంగారు పడవద్దు. 2023లో జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు కొన్ని వారాల పాటు అలాగే ఉన్నది.

తేదీ కూడా చూడాలి. జనవరి, జూలై నెలాఖరుల వరకు ఉన్న లెక్కలను బట్టి ఏడాదికి రెండుసార్లు సమీక్ష జరుగుతుంది. మార్పులు మార్చి, సెప్టెంబర్ నెలాఖరులలో అమలవుతాయి. సుమారు నాలుగు వారాల ముందు ప్రకటన వస్తుంది. ట్రెంట్, దివీస్‌ల మార్పు ప్రకటన ఆగస్టు 23నే వచ్చింది. ఆ మధ్య కాలంలో ‘చేరింది’ అనేవారు ఇంకా చేరని కంపెనీ గురించి మాట్లాడుతున్నారని గ్రహించాలి. జాబితా నేటి సంగతే చెబుతుంది. ఎవరు ఎప్పుడు వెళ్లారో తెలియాలంటే అదే సైటులోని పాత పత్రికా ప్రకటనలు చదువుకోవాలి.

పట్టిక అడగని ప్రశ్నలకు వేరే కాగితం ఉన్నది. ప్రతి కంపెనీ మూడు నెలలకొకసారి ఎక్స్ఛేంజీకి ఇచ్చే వాటాదారుల వివరాలలో, ప్రమోటర్లు తమ షేర్లలో ఎన్నింటిని అప్పుకు తాకట్టు పెట్టారో చూపే గడి ఒకటుంటుంది. సత్యం ప్రమోటర్లు తమ షేర్లను కుదువ పెట్టిన సంగతి 2008 డిసెంబర్ చివరలో గాని మదుపరులకు తెలియలేదు. తాకట్టు వివరాలు విధిగా వెల్లడించాలని సెబీ 2009 జనవరిలోనే, ఆ లేఖ వచ్చిన రెండు వారాలకు, నిర్ణయించింది. నిఫ్టీ జాబితా చూసిన చేత్తోనే ఆ గడిని కూడా తెరిచి చూడండి. అంకె సున్న అయితే సరే, త్రైమాసికం వెంట త్రైమాసికం పెరుగుతుంటే ఎందుకని కంపెనీ వారిని అడగండి.