మూడుసార్లు ఎందుకంటాం?

మొన్న నందిగామ దగ్గర ఒక పల్లెలో బుద్ధ వందన అయ్యాక డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి నన్ను పక్కకు పిలిచి అడిగింది. "మేడం, గుళ్ళో పంతులు అర్థంకాని మంత్రం చదివితే తప్పంటాం. మరి మనం అర్థంకాని పాళీ మూడేసిసార్లు అంటున్నాం. తేడా ఏంటి?"

"మన్" అంటే ఆలోచించడం, "త్ర" అంటే సాధనం. పుట్టుకను బట్టి చూస్తే మంత్రం ఆలోచనకు పనిముట్టు. కానీ యాగంలో జరిగింది వేరు. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు వాదించాడని యాస్కుడి నిరుక్తమే చెబుతుంది. యాస్కుడు ఒప్పుకోలేదనుకోండి. అయినా అర్థం ఉందా లేదా అన్న గొడవ అంత పాతది.

పునశ్చరణ ఎలా చేసేవాళ్ళో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వేదం చదివే పద్ధతుల్లో ఘనపాఠం ఒకటి. "చెట్టు కింద నీళ్ళు" అనే మూడు మాటలు తీసుకోండి. ఘనంలో ఇలా చదవాలి: చెట్టు కింద, కింద చెట్టు, చెట్టు కింద నీళ్ళు, నీళ్ళు కింద చెట్టు, చెట్టు కింద నీళ్ళు. తర్వాత మొదటి మాట వదిలి, నాలుగో మాటను కలుపుకొని మళ్ళీ ఇదే వరస. వెనక్కి తిప్పినప్పుడు అర్థం పోతుంది, పోనీ అనుకున్నారు. కానీ ఒక్క మాట జారినా, ఒక్క స్వరం మారినా అక్కడే దొరికిపోతుంది. రాత మీద ఆధారపడకుండా శబ్దాన్ని వందల ఏళ్ళు కాపాడిన పద్ధతి ఇది. దాని తెలివిని నేను కాదనను.

అయితే శబ్దమే శక్తి అనుకున్నాక దానికి కాపలా కూడా కావాలి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క పోయమని గౌతమ ధర్మసూత్రం అంటుంది. పలికితే నాలుక కోయాలట. శూద్రుడికి అధికారం లేదని చెప్పేటప్పుడు బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరుడు ఈ మాటనే సాక్ష్యంగా తెచ్చాడు. అర్థమే ముఖ్యమైతే, విన్నవాడికి పడే శిక్ష ఇదా?

ఇక మన మూడుసార్ల సంగతి. బౌద్ధ సంఘంలో కొత్తవాణ్ణి భిక్షువుగా చేర్చుకోవాలంటే ముందు ఒకసారి విషయం చెప్పాలి, తర్వాత మూడుసార్లు ప్రకటించాలి. ఒప్పుకున్నవాళ్ళు మౌనంగా ఉంటారు, ఒప్పుకోనివాళ్ళు నోరు విప్పుతారు. మూడుసార్లు ఎందుకంటే, మొదటిసారి తటపటాయించినవాడికి మరో రెండు అవకాశాలు ఉండటానికి అని నాకు అర్థమైంది. శరణాలు చెప్పేటప్పుడు కూడా రెండోసారి, మూడోసారి అని లెక్కపెట్టి మరీ పలుకుతాం. వెనక్కి తగ్గే వీలుండి కూడా తగ్గలేదని చెప్పడమది.

మన దగ్గరే ఒక రాయి సాక్ష్యం ఉంది. జగ్గయ్యపేట ధనబోడు స్తూపాన్ని 1882లో బర్జెస్ తవ్వించాడు. అక్కడి ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట చెక్కిన ప్రాకృత శాసనం ఉంది. వేయించింది రాజు కాదు. సిద్ధత్థుడు అనే పనివాడు తన తల్లి, భార్య, పిల్లలతో కలిసి వేయించాడు. ఒకే శాసనం మూడు స్తంభాల మీద కనిపిస్తుంది. అది మంత్రమని నేననను. కానీ సకల జీవుల మేలు, సుఖం కోసం అన్న మాటను ఒక చేతిపనివాడు నలుగురికీ తెలిసే భాషలో మళ్ళీ మళ్ళీ చెక్కించాడు. చదివితే చెవులు మూసుకొమ్మనే పని లేదు.

ఇక్కడ మనం మనల్ని మోసం చేసుకోకూడదు. బౌద్ధంలోనూ శబ్దం మీద మోజు పెరిగింది. మహాయానంలో ధారణులు వచ్చాయి. చైనా అనువాదకులు ప్రజ్ఞాపారమిత హృదయ సూత్రాన్ని అంతా తమ భాషలోకి మార్చి, చివరి మంత్రాన్ని మాత్రం శబ్దంగానే ఉంచేశారు. థేరవాద దీక్షలో శరణాల చివర "మ్" ముక్కుతో పలకాలా, పెదాలతో పలకాలా అన్న అనుమానంతో రెండు రకాలుగానూ పలికించే ఆచారం ఉంది. అందుకే ఆ అమ్మాయిది తప్పు ప్రశ్న కాదు. అర్థం తెలియకుండా శరణం పలికితే మనమూ ఘనపాఠీలమే, పైగా వాళ్ళ కచ్చితత్వం కూడా లేనివాళ్ళం.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ శరణాలు, పంచశీలాలు పాళీలోనే తీసుకున్నాడు. తర్వాత జనంతో 22 ప్రతిజ్ఞలు చేయించింది మాత్రం మరాఠీలో. లక్షల గొంతులు తమకు తెలిసిన మాటల్లోనే వాటిని తిరిగి పలికాయి.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి, "అయితే వచ్చేసారి ఒక్కో శరణం తర్వాత తెలుగులో కూడా అందాం" అంది. పక్కనున్న పెద్దాయన, "టైము పడుద్దమ్మా, భోజనాలున్నయ్యి" అన్నాడు.

"పట్టనీ తాతా" అంది.