ట్యాంకు మార్చే ముందు వెలుతురు సంగతి చూడండి
(తిరువూరు ఇళ్ల యజమానులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు విజ్ఞప్తి)

ఎండలు ముదిరేసరికి డాబా మీది ట్యాంకులో పాచి పడుతుంది. కుళాయి నీళ్లకు పచ్చి వాసన వస్తుంది, షవర్ రంధ్రాలు మూసుకుపోతాయి. చాలా ఇళ్లలో అప్పుడు మొదలయ్యే చర్చ ఒక్కటే: సిమెంటు తొట్టి తీసేసి ప్లాస్టిక్ పెట్టాలా, ప్లాస్టిక్ తీసేసి స్టీలు కొనాలా అని. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ ప్రశ్నను పక్కన పెట్టి మరో ప్రశ్న వేసుకోమని మీ అందరినీ కోరుతున్నాను. మీ ట్యాంకు లోపలికి వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది? పాచి అంటే నీటిలో బతికే, మొక్కల్లాంటి సూక్ష్మజీవులే. దానికి నీరు, కాస్త నైట్రేటు, ఫాస్ఫేటు, వెచ్చదనం, వెలుతురు కావాలి. నీరు మనం నింపుతాం. పోషకాలు నీటితోనో, దుమ్ముతోనో చేరతాయి. మే నెలలో 45 డిగ్రీలకు చేరువయ్యే మన ఊళ్లో వెచ్చదనానికి కరువు లేదు. ఈ నాలుగింటిలో మన చేతిలో పూర్తిగా ఉన్నది వెలుతురు ఒక్కటే. అది లేకపోతే పాచి పెరగదు, ట్యాంకు దేనితో చేసినదైనా సరే.

పాచి ఆకుపచ్చగా కనిపిస్తుంది కాబట్టి కంటికి ఇబ్బందే తప్ప ఒంటికి హాని లేదని కొందరంటారు. అన్ని పాచి రకాలూ విషం కావన్నది నిజమే. కానీ నష్టం వేరే దారిలో వస్తుంది. పగలు పాచి నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది, దాంతో నీటి క్షారగుణం పెరుగుతుంది. క్షారగుణం పెరిగిన నీటిలో క్లోరిన్ క్రిములను చంపే శక్తి తగ్గుతుంది. పైగా పాచి, దాని కింద పేరుకున్న జిగురు పొర రెండూ ఉన్న క్లోరిన్‌నే తినేస్తాయి. తాగునీటి ప్రమాణాల ప్రకారం నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వేడికే అది తొందరగా తరిగిపోతుంది, పాచి ఉంటే ఇంకా ముందే పోతుంది. ఆ జిగురు పొరలో దాక్కున్న బాక్టీరియాకు ఇక అడ్డు ఉండదు. ఏ.కొండూరు తండాల కిడ్నీ వ్యాధుల భయం మన చుట్టుపక్కల అందరిలోనూ ఉంది కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాలి: నీటిలో కరిగిన లవణాలను ఏ ట్యాంకూ తీసేయదు, అది వేరే సమస్య. ట్యాంకు వల్ల అదనంగా వచ్చే చెడును ఆపడమే ఇక్కడ మన పని.

వెలుతురు లెక్కన చూస్తే సిమెంటు తొట్టికి పెద్ద బలం ఉంది. దాని గోడ గుండా చుక్క వెలుతురు కూడా రాదు, మందంగా ఉండటం వల్ల నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. అయినా సిమెంటు తొట్టెల్లో పాచి కనిపిస్తోందంటే కారణం దాదాపు ఎప్పుడూ మూతే. అంచులు విరిగిన పలక, తుప్పు పట్టి చిల్లులు పడిన రేకు, అసలు మూతే లేని మ్యాన్‌హోల్. గరుకు గోడ పాచికి పట్టు దొరికే చోటు కాబట్టి ఒకసారి పట్టాక రుద్ది తీయడం కష్టం. అసలు బలహీనత పగుళ్లు, బరువు. 1000 లీటర్ల తొట్టిని 10 సెంటీమీటర్ల మందం గోడలతో కడితే ఖాళీగానే దాదాపు టన్నున్నర నుంచి రెండు టన్నులు తూగుతుంది. అందులో నీరు మరో టన్ను. పాత శ్లాబు మీద అంత బరువు, పైగా పగుళ్ల నుంచి చెమ్మ దిగి శ్లాబులోని ఇనుము తుప్పు పట్టడం పాచి కన్నా పెద్ద ప్రమాదం. అందుకని పగుళ్లు లేని పాత తొట్టి ఉన్నవాళ్లు దాన్ని పగలగొట్టవద్దు, అంచుదాకా బిగిసే మూత చేయించుకుంటే చాలు. కొత్తగా పెట్టుకునేవాళ్లు మాత్రం డాబా మీద సిమెంటు జోలికి వెళ్లకపోవడమే మేలు.

స్టీలు చూడటానికి బాగుంటుంది, వెలుతురు రానివ్వదు, నున్నటి గోడకు పాచి సరిగా పట్టదు. పలుచని రేకు కావడంతో ఎండకు నీరు త్వరగా కాగుతుంది. అంతకన్నా ముఖ్యం ఉప్పు. మామూలుగా అమ్మే 304 రకం స్టీలుకు క్లోరైడు లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే అతుకుల దగ్గర, అడుగున మట్టి పేరుకున్న చోట సూదిమొన చిల్లులు పడే అవకాశం పెరుగుతుంది. 316 రకం అంతకన్నా బాగా తట్టుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. మీది ఉప్పటి బోరైతే, నీటి పరీక్షలో క్లోరైడు అంకె చూడకుండా స్టీలుకు డబ్బు కట్టకండి.

ఇక మిగిలింది అందరం సింటెక్స్ అని పిలుచుకునే ప్లాస్టిక్ ట్యాంకు. బరువు తక్కువ, ధర తక్కువ, ఉప్పుకు తుప్పు పట్టదు. కొత్తది కొనేవాళ్లకు మన ఊళ్లో ఇదే సరైనదని నా అభిప్రాయం, కానీ ఒక షరతు మీద. ఒకే పొరతో చేసిన లేత రంగు ట్యాంకు గోడ గుండా ఎండ వెలుతురు లోపలికి చేరుతుంది, అది పాచికి నారుమడి. నల్ల ట్యాంకులో కలిపే కార్బన్ పొడి వెలుతురునూ, ప్లాస్టిక్‌ను పెళుసు చేసే అతినీలలోహిత కిరణాలనూ ఆపుతుంది. నలుపైతే రోహిణి కార్తెలో నీళ్లు కాగిపోవా అని అడుగుతారు. కాగుతాయి, అది ఒప్పుకోవాల్సిన అభ్యంతరమే. దానికి జవాబు తెల్ల ఒంటిపొర ట్యాంకు కాదు. బయట తెలుపు, మధ్యలో నల్ల పొర ఉన్న మూడు పొరల ట్యాంకు ఎంచుకోండి, ఐ.ఎస్. 12701 గుర్తు ఉందో లేదో చూడండి. ఇప్పటికే లేత రంగు ట్యాంకు ఉంటే దాన్ని పారేయనక్కరలేదు. ముందు నల్ల టార్పాలిన్ చుట్టి, పైన తాటాకు పందిరో, తెల్ల రేకు నీడో వేయండి. మొదటిది వెలుతురును, రెండోది వేడిని ఆపుతుంది.

ఏ ట్యాంకైనా పరీక్ష ఒక్కటే, ఖర్చు లేనిది. సగం ఖాళీ అయిన ట్యాంకులోకి చీకటి పడ్డాక బ్యాటరీ టార్చిని వెలిగించి, ప్లాస్టిక్ కవరులో కట్టి, తాడుతో నీటికి పైన వేలాడదీసి మూత వేయండి. చుట్టూ తిరిగి చూడండి. మూత అంచున, గొట్టం దూరిన చోట, ఓవర్‌ఫ్లో పైపు నోట, ప్లాస్టిక్ గోడ మీద ఎక్కడ మసక వెలుతురు కనిపించినా అదే పాచికి దారి. టార్చి కన్నా ఎండ ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఏమీ కనిపించలేదంటే అనుమానం పూర్తిగా తీరినట్టు కాదు, కొంచెం కనిపించినా మాత్రం పట్టించుకోవాలి. ఓవర్‌ఫ్లో పైపుకు కిందికి వంగిన ఎల్బో బిగించి సన్న జాలి కట్టిస్తే వెలుతురూ, దోమలూ రెండూ ఆగుతాయి.

దారులు మూశాక పాత పాచి తీయాలి, లేకపోతే అది చచ్చి అడుగున కుళ్లుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్ది, మట్టి బయటికి తోడేయండి. మళ్లీ నింపి 1000 లీటర్లకు సుమారు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చొప్పున బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. స్టీలు ట్యాంకైతే ఇది మరీ ముఖ్యం, గడ్డ అడుగున పడితే అక్కడే రేకు తింటుంది. ప్రతి కుళాయినీ ఒకసారి తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలకు తక్కువ కాకుండా ఉంచి, ఆ నీరంతా పారబోసి, మంచినీటితో కడిగి నింపుకోండి. ఆ నాలుగు గంటలూ ఆ నీటిని ఎవరూ వాడకూడదు. తెల్లగా మెరవాలని యాసిడ్ కలపవద్దని శుభ్రం చేసే మనిషికి ముందే చెప్పండి. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు మూసిన తొట్టిలో ప్రాణం తీయగలదు. మూత తీసి గాలి ఆడనిచ్చాకే, పైన మరొకరు కాపలా ఉండగానే ఎవరైనా లోపలికి దిగాలి. అద్దెకిచ్చిన ఇళ్ల యజమానులు, అపార్ట్‌మెంట్ సంఘాలు రోహిణి రాకముందే ఈ పరీక్ష చేయించి, కడిగించిన తేదీని ట్యాంకు మీద పెయింటుతో రాయించాలని కోరుతున్నాను.