అరిసెల పెట్టె, మట్టి ముద్ద

అమెరికా వెళ్ళి ఆర్నెల్లు కాని ఆడపిల్లకి మనవాళ్ళు చెప్పే సలహా ఒకటే. "ఖాళీగా ఎందుకు కూచోడం, మీ ఊరి సరుకు తెప్పించి అమ్ముకో." మాది పలాస వైపు. జీడిపప్పు, బెల్లం అరిసెలు, ఆవకాయ అని మా ఊరి పేరు అంటిస్తే చాలు, వాట్సాప్ గ్రూపులో ఎగబడి కొంటారట. మా మేనకోడలు కూడా టెక్సాస్ నించి ఫోన్ చేసి, "అమ్మ చేసిన అరిసెలు ఓ పది కేజీలు పంపించీ మావయ్యా, నానిక్కడ అమ్మేస్తాను" అంది. దాని దగ్గరున్నది రెండు లక్షలు. నా కోపం దాని మీద కాదు, ఆ సలహా ఇచ్చిన పెద్దల మీద.

తల్లి ఇంట్లో వండి కూతురికి ప్రేమగా పంపిన అరిసెలు బహుమతి. వాటికి అమెరికా ఆహార శాఖ ఎఫ్‌డీఏకి ముందస్తు నోటీసు ఇవ్వక్కర్లేదు. అవే అరిసెలు అమ్మకానికి వెళ్తే సరుకు. నోటీసు కావాలి, సుంకం కట్టాలి. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. పోనీ ఇంటి వంటలకి అక్కడి రాష్ట్రాలు సడలింపు ఇస్తాయి కదా అంటారు. ఇస్తాయి, ఆ పిల్ల తన వంటింట్లో తాను వండిన వాటికి. పలాసలో వాళ్ళమ్మ వండినవాటికి కాదు. బహుమతి అని రాసి పంపి సరుకుగా అమ్మమని చెప్పడం సలహా కాదు, ఇరికించడం.

అంతకన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ పెద్దల్లో ఒక్కరూ అడగలేదు. అసలు దానికి పని చేసే అనుమతి ఉందా? హెచ్-4 మీద వెళ్ళిన భార్యకి వెళ్ళగానే ఆ హక్కు రాదు. భర్తకి ఐ-140 ఆమోదం వచ్చినా, హెచ్-1బీ ఆరేళ్ళు దాటి పొడిగించినా, 2015 నించి అమల్లో ఉన్న రూలు కింద కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కార్డు చేతికొచ్చాక సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. అంటే కొత్తగా వెళ్ళినవాళ్ళలో చాలామందికి అది ఉండదు. భర్త పేరు మీద నడపడం కూడా కుదరదు, అతని వీసా అతని కంపెనీ పనికే. పాటల క్లాసు పెట్టి ఫీజుని "విరాళం" అన్నంత మాత్రాన అది పని కాకుండా పోదు.

మా మేనకోడలికి కార్డు ఉంది. కాబట్టి దానికి నేను వేరే దారి చెప్పాను. అరిసెలొద్దు, వినాయక చవితికి పిల్లలచేత మట్టి బొమ్మ చేయించు. మట్టి సముద్రాలు దాటి రానక్కర్లేదు. కుండలు చేసేవాళ్ళకి సామాను అమ్మే షాపుల్లో 25 పౌండ్ల సంచుల్లో దొరుకుతుంది. పిల్లకి పౌండున్నర చొప్పున ఒక సంచి పదహారు బొమ్మలకి సరి. పదిహేను మందిని చేర్చుకుని పదహారోది తను చేసి చూపించాలి. తలకి 20 డాలర్లు ముందే తీసుకుంటే 300. మట్టికి 30, పీటలకీ పుల్లలకీ 30, హాలుకి 60 పోయాయనుకుందాం, 180 మిగులుతుంది. ఎంతమంది కట్టారో తెలిశాకే మట్టి కొంటుంది గనక చేతి డబ్బు ఇరుక్కోదు. చవితి మర్నాడు పూజసామాను ఎవడూ కొనడు. స్టాకు పెట్టుకున్నవాడి పెట్టుబడి అట్టపెట్టెల్లో ఏడాదిపాటు పడుంటుంది.

ఇందులోనూ చెడేవి ఉన్నాయి. ఆరగానే గట్టిపడే మట్టి అని డబ్బాల్లో అమ్మేది చాలావరకు నీళ్ళలో సరిగ్గా కరగదు, మామూలు కుండల మట్టే కొనాలి. తొండం, చెవులు ఊరికే అద్దితే ఆరాక ఊడిపోతాయి. రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పల్చటి మట్టినీళ్ళు రాసి అతకాలి. పొట్ట నిండుగా ఉంటే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది, అడుగునించి తొలిచి బొటనవేలంత మందం ఉంచాలి. ఫ్యాను కింద పెట్టకూడదు. మొదటి రోజు ప్లాస్టిక్ కవరు కప్పి, తర్వాత నీడలో వారం. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. కాబట్టి క్లాసు చవితికి కనీసం పది రోజుల ముందు. నిమజ్జనం బకెట్లో. పూర్తిగా ఆరిన బొమ్మే తొందరగా కరుగుతుంది, సగం ఆరింది ముద్దలా కూచుంటుంది. ఆ నీళ్ళు సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది. చెట్టు మొదట్లో పొయ్యమని తల్లిదండ్రులకి ముందే చెప్పాలి.

దీంతో ఇల్లు గడవదు, ఏడాదికి రెండు వారాల పని. ఆ మాట కూడా దానికి చెప్పాను. "మరి దసరాకేటి చేద్దాం?" అంది. బొమ్మల కొలువుకి అదే మట్టి, అదే పీటలు. కాకపోతే ఆ బొమ్మలు ఏడాదంతా నిలవాలి గనక కాల్చాలి. బట్టీ అద్దె ఎంతో కనుక్కోమన్నాను.