వెయ్యి రూపాయల్లో తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం ఐదుగురం అన్నవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. అడ్డతీగల, రాజవొమ్మంగి వైపు ఊళ్ళ నించి వచ్చాం. మా ఇళ్ళల్లో కాలేజీ మొహం చూసింది మేమే మొదలు. కాబట్టి చొక్కా ఎలా కొనాలి, ఎలా ఉతకాలి అని చెప్పే అన్నయ్య ఎవరూ లేడు. తప్పులు చేసే నేర్చుకున్నాం. ఆ తప్పుల్లో మొదటిదానికి మాకు నాలుగొందలు ఖర్చయింది.

అన్నవరంలో పెళ్ళి ముహూర్తాలు వచ్చాయంటే కొండ మీదా కిందా ఎక్కడ చూసినా పెళ్ళిళ్ళే. హాస్టల్ కుర్రోళ్ళకి వడ్డన పని దొరుకుతుంది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకు రమ్మంటారు. మేం మొదటిసారి వెళ్ళినపుడు వంటల మేస్త్రీ మా ఐదుగుర్ని వరసగా నిలబెట్టి చూసి, ముగ్గుర్ని వడ్డనకి పెట్టి ఇద్దర్ని గిన్నెలు కడిగే దగ్గరికి పంపేశాడు. వడ్డనకి ఐదొందలు, గిన్నెల దగ్గర మూడొందలు. మాకు కోపం వచ్చింది. ఏజెన్సీ వాళ్ళమని చూసి పంపాడనుకున్నాం. కానీ వడ్డనలో ఉన్న ముగ్గురూ మనవాళ్ళే కదా! రాత్రి రూముకొచ్చి చొక్కాలు పక్కపక్కన పెట్టి చూశాం. వెనక్కి పంపిన ఇద్దరిలో ఒకడిది ఏడొందలు పెట్టి కొన్న కొత్త చొక్కా. మా అందరిలోకీ ఖరీదైంది అదే. కానీ భుజాలు జారి మోచేతి వైపుకి వేలాడుతున్నాయి. ఇంకొకడి చొక్కా సరిపోయింది గానీ, సరిగ్గా ఆరక ముక్క వాసన కొడతావుంది. నెగ్గిన ముగ్గురివీ మూడొందల చొక్కాలు.

అందుకే మా అభిప్రాయం ఇది. తక్కువ డబ్బులున్నోడు బట్ట మీద తక్కువ పెట్టి, టైలరు మీదా సబ్బు మీదా ఎక్కువ పెట్టాలి. స్కాలర్‌షిప్ పడగానే కంపెనీ పేరు తప్పు స్పెల్లింగుతో ఉన్న బూట్లు కొనే సీనియర్ అన్నలకి ఈ మాట నచ్చకపోవచ్చు.

తర్వాత సీజన్‌కి ఆ ఏడొందల చొక్కావాడికి మేమందరం కలిసి కొన్న లెక్క రాస్తున్నాం. చొక్కా 320, ప్యాంటు 380, రెండింటికీ టైలరుకి 120, బనియన్ 80, బెల్టు 100. మొత్తం వెయ్యి. బూట్లు మాత్రం ఇంటర్లో వేసుకున్న నల్లవే, పాలిష్ పట్టించాం.

చొక్కా కొనేటపుడు ముందు భుజం చూడండి. చెయ్యి కుట్టిన గీత మన భుజం ఎముక చివర ఆగాలి. కిందకి జారినా, మెడ వైపుకి ఎక్కినా ఆ చొక్కా వదిలేయండి. పక్కలు లాగొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు, అవి టైలరుకి చిన్న పని. భుజం మార్చాలంటే మాత్రం చేతులు విప్పి మళ్ళీ కుట్టాలి, దానికి చొక్కా అంత డబ్బు అవుతుంది. పై గుండీ పెట్టుకుంటే కాలర్లో రెండు వేళ్ళు పట్టాలి. తర్వాత రెండు చేతులూ పైకెత్తండి. చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చేస్తే పొడవు చాలదన్నమాట. వడ్డనకి వంగినప్పుడల్లా నడుం కనపడుతుంది.

బట్ట సంగతి లోపలున్న చీటీ చూసి తెలుసుకోవచ్చు. పాలిస్టర్ ఎక్కువున్నది తొందరగా ఆరుతుంది, నలగదు, కానీ మన ఉక్కపోతకి చెమట కంపు పట్టి వదలదు. కాటన్ ఎక్కువున్నది నలుగుతుంది గానీ కంపు ఉతికితే పోతుంది. మేం చొక్కాకి కాటన్ ఎక్కువున్నదీ, ప్యాంటుకి కలిపిందీ తీసుకుంటాం. ప్యాంటు అంచు బూటు మీద ఆనీ ఆనకుండా ఆగాలి, మడతలు పడకూడదు. అంచు కుట్టేటపుడు మిగిలిన బట్ట కత్తిరించొద్దని, రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమని టైలరన్నకి చెప్పండి. మన వయసులో ఇంకా ఎదుగుతాం, ఆ రెండంగుళాలు ఏడాది తర్వాత పనికొస్తాయి. ఇంకో చిన్న మాట. తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ వేస్తే గీతలు స్పష్టంగా కనపడతాయి. బూడిద రంగుదో మన ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నదో వేస్తే కనపడదు.

ఇక ఉతుకుడు. కాలర్ మీద నల్లగా కనపడేది దుమ్మొక్కటే కాదు. తలనూనే, చెమటా కలిసి పట్టిన జిడ్డు, దానికి దుమ్ము అంటుకుంటుంది. నానబెట్టే ముందే కాలర్, మణికట్టు, చంకలు తడిపి సబ్బు రాసి పావుగంట వదిలేసి, తర్వాత చేత్తో రుద్దితే చాలు. బ్రష్‌తో బరబరా తోమితే నెలలో కాలర్ అంచు పోగులు లేస్తుంది. నీలం మందు వేసేవాళ్ళు సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. మందు ముందు నీళ్ళలో కలిపి, తర్వాతే చొక్కా ముంచాలి. మేం ఒకసారి చొక్కా ఉన్న బకెట్లోనే చుక్కలు పోశాం. వీపు మీద నీలం మచ్చలతో అచ్చం హోలీ ఆడొచ్చినట్టు తయారైంది. పిండాక గట్టిగా దులిపి, తడిగా ఉన్నపుడే కాలర్, గుండీల పట్టీ చేత్తో లాగి సాపు చేసి హ్యాంగర్‌కి వేస్తే సగం ఇస్త్రీ అయిపోయినట్టే. నల్ల ప్యాంటు తిరగేసి నీడలో ఆరెయ్యండి, లేకపోతే రంగు వెలుస్తుంది. వానాకాలం పెట్టెలో పెట్టేముందు కుట్ల దగ్గర పట్టుకు చూడాలి. బట్టంతా ఆరినా కాలర్ మడత, నడుం పట్టీ తడిగా ఉంటాయి. ముక్క వాసన అక్కడే మొదలవుతుంది. ఇస్త్రీ పెట్టె లేకపోతే అడుగు నున్నగా ఉన్న స్టీలు చెంబులో మరిగిన నీళ్ళు పోసి పాతగుడ్డతో పట్టుకుని రుద్దండి. కాటన్‌కి కొంచెం తడి చల్లితే బాగా సాగుతుంది. పెళ్ళి రోజుకి మాత్రం పది రూపాయలు ఇస్త్రీ బండికి ఇచ్చేయడమే మేలు.

తడి గుడ్డల వల్ల వాసన కన్నా పెద్ద తిప్పలు తామర. మా రూములో ఒకడికి తొడల దగ్గర వస్తే సిగ్గుపడి చెప్పలేదు. తువ్వాలు అందరం ఒకటే వాడేవాళ్ళం, నెలలో ముగ్గురికి అంటింది. మందుల షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఇచ్చారు. రెండ్రోజుల్లో దురద తగ్గింది, తర్వాత అంతకు రెట్టింపై వచ్చింది. అలాంటి ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుందని, అది ఎరుపునీ దురదనీ అణుస్తుంది గానీ తామర లోపల పెరుగుతూనే ఉంటుందని డాక్టరు చెప్పారు. తెల్లబడతారని అమ్మే కొన్ని క్రీముల్లో కూడా ఇదే ఉంటుందట. మన రంగుకి వచ్చిన లోటేం లేదు, ఆ డబ్బుతో రెండో తువ్వాలు కొనుక్కోండి. తువ్వాలు, లోదుస్తులు, గెడ్డం బ్లేడు ఎవరివి వాళ్ళకే ఉండాలి. వడ్డనకి వెళ్ళే ముందురోజు గోళ్ళు తీసుకోండి. మేస్త్రీ చూపు భుజాల తర్వాత చేతుల మీదే పడుతుంది.

"నీట్‌గా తయారవడమంటే వాళ్ళలా మారిపోవడమే" అని ఇంట్లో ఒక పెద్దాయన మమ్మల్ని దెప్పాడు. మాకలా అనిపించదు. సంతకి వెళ్ళేటపుడు మన అమ్మమ్మలు తల దువ్వి, ఉతికిన చీర కట్టుకోకుండా ఊరు దాటినట్టు మాకు గుర్తు లేదు. తెల్ల చొక్కా మేస్త్రీ అడిగాడు కాబట్టి వేస్తున్నాం, శుభ్రం మాత్రం ఇంటి నించి తెచ్చుకున్నదే.

చెల్లెళ్ళ డ్రెస్సుల కొలతల సంగతి మాకు తెలీదు, తెలిసినోళ్ళు రాయండి. మాఘమాసం ముహూర్తాలు రాకముందే వదులుగా ఉన్న చొక్కాలు, ప్యాంట్లు ఉన్నోళ్ళు మా రూముకి తెచ్చేయండి. ఆదివారం అందరం కలిసి టైలరన్న దగ్గరికి వెళ్దాం. పది బట్టలు ఒకేసారి ఇస్తే తగ్గించి తీసుకుంటానన్నాడు.